స్లైడ్ కింద నోట్స్‌లో పూర్తి వాక్యాలు రాసుకోవడం: నాలుగేళ్ల వాడకం తర్వాత సమీక్ష

పవర్‌పాయింట్‌లో ప్రతి స్లైడ్ కింద నోట్స్ గడి ఒకటి ఉంటుంది. స్లైడ్ మీది పాయింట్లను ఆ గడిలో పూర్తి వాక్యాలుగా రాసి, మాట్లాడేవాళ్ల తెర మీద మాత్రమే నోట్స్ కనిపించే ప్రెజెంటర్ వ్యూలో చూస్తూ మాట్లాడే పద్ధతిని నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఎక్కువగా రైతు శిక్షణల కోసం, అదీ తెలుగులో. పద్ధతి పనిచేస్తుంది. కాకపోతే ఇంగ్లీషు ప్రసంగాలకు చెప్పే సూత్రాలు పట్టుకుని తెలుగులో రాస్తే పనిచేయదు.

రైతు వేదికలో పత్తి రైతులకు చూపించే ఈ స్లైడ్ తీసుకుందాం. ఇందులో లింగాకర్షక బుట్టలంటే మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే ఉచ్చులు, నష్ట పరిమితి అంటే మందు కొట్టక తప్పని స్థాయి.

గులాబీ రంగు పురుగు – నిఘా
• లింగాకర్షక బుట్టలు: హెక్టారుకు 5, విత్తిన 45 రోజుల నుంచి
• గుడ్డి పూల పరిశీలన
• నష్ట పరిమితి: బుట్టకు 8 × 3 రాత్రులు, లేదా 10% గుడ్డి పూలు
• పరిమితి దాటితేనే పిచికారీ

దీన్ని వాక్యాలుగా మార్చమంటే చాలామంది మొదట రాసేది ఇలా ఉంటుంది: "లింగాకర్షక బుట్టలు హెక్టారుకు 5 చొప్పున అమర్చబడాలి. మరియు గుడ్డి పూల యొక్క పరిశీలన చేయబడాలి. తర్వాత మనం నష్ట పరిమితి గురించి చూద్దాం." వాక్యాలు పూర్తయ్యాయి గానీ పాయింట్లు పాయింట్లుగానే మిగిలాయి. బుట్టలు ఎవరు కట్టాలో, పూలు ఎందుకు చూడాలో, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమేమిటో ఇందులో లేదు. పాయింటుగా కుదించినప్పుడు ముందుగా పోయేవి క్రియ, కర్త, కారణం. స్క్రిప్టులో తిరిగి తేవాల్సినవి ఆ మూడే.

అందుకే నోట్స్ మొదలుపెట్టే ముందు ప్రతి పాయింటు పక్కన ఒక కాగితం మీద రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఎవరు చేస్తారు? చేయకపోతే ఏమవుతుంది? ఈ స్లైడుకు రెండో ప్రశ్న వేస్తే స్లైడ్ మీద లేని అసలు సంగతి బయటపడుతుంది. పురుగు కాయలోకి దూరిపోయాక పైన కొట్టిన మందు దానికి తగలదు. నాలుగు పాయింట్లనూ కలిపే దారం అదే. స్క్రిప్టు అక్కడి నుంచే మొదలవ్వాలి:

"గులాబీ పురుగు కాయలోకి దూరిందంటే మందు కొట్టినా దానికి తగలదు. కాబట్టి దూరకముందే కనిపెట్టాలి. కనిపెట్టడానికి ముందు బుట్టలు కట్టండి. విత్తిన నలభై ఐదో రోజుకల్లా ఎకరానికి రెండు బుట్టలు ఉండాలి. కట్టాక రోజూ పొద్దున్నే వెళ్లి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. వాటిలో పడేవి మగ రెక్కల పురుగులే. అందుకని బుట్ట ఒక్కటే చూసి ఊరుకోవద్దు, పూలు కూడా చూడండి. కొన్ని పూలు విచ్చుకోకుండా రేకులు ముడుచుకుని ఉంటాయి. వీటినే గుడ్డి పూలు అంటాం. విప్పి చూస్తే లోపల పురుగు ఉంటుంది. చేనంతా తిరుగుతూ వంద పూలు చూడండి. వందలో పది గుడ్డివైతే మందు కొట్టాలి. లేదా ఒక్కో బుట్టలో ఎనిమిది చొప్పున వరసగా మూడు రాత్రులు పడినా కొట్టాలి. అంతకుముందు కొట్టొద్దు. కొట్టాలని తేలాక మిగిలే ప్రశ్న ఒకటే. [క్లిక్] ఏ మందు కొట్టాలి?"

ఇందులో గమనించాల్సింది అతుకులు. "దూరిందంటే తగలదు, దూరకముందే కనిపెట్టాలి, కనిపెట్టడానికి బుట్టలు కట్టండి, కట్టాక లెక్కపెట్టండి." ముందు వాక్యంలోని క్రియనే పట్టుకుని తర్వాతి వాక్యం మొదలవుతోంది. ఇంట్లో పెద్దవాళ్లు వంట చెప్పినా, దారి చెప్పినా ఇలాగే చెబుతారు. తెలుగులో మాట మాటకు అతుక్కునేది ఇలాంటి క్రియారూపాలతోనే. "మరియు", "తదుపరి", "ఇప్పుడు మనం చూడబోయేది" అనేవి వాక్యాల మధ్య పెట్టిన ఇటుకల్లాంటివి, వాటితో చెవికి దారి దొరకదు. అలాగని ప్రతి వాక్యానికీ ఇదే అతుకు వేస్తే కథ చెబుతున్నట్టు సాగదీతగా వినిపిస్తుంది. వరసగా మూడు నాలుగు చోట్ల వాడాక "అందుకని" లాంటి కారణపు మాటకు మారాలి. పై స్క్రిప్టులో పూల దగ్గర జరిగింది అదే.

అంకెలను కూడా వినేవాళ్ల లెక్కలోకి మార్చాలి. స్లైడ్ మీద హెక్టారుకు 5 అని ఉంది. రైతు లెక్క ఎకరాల్లో ఉంటుంది కనుక నోట్స్‌లో "ఎకరానికి రెండు" అని రాశాం. 10%ను "వందలో పది" అన్నాం. అంకెల్ని నోట్స్‌లో అక్షరాల్లోనే రాయడం మంచిది. "8 × 3" అని ఉంటే అప్పటికప్పుడు దాన్ని వాక్యంగా మలచాల్సి వస్తుంది, తడబడేది అక్కడే. అయితే స్లైడ్ మీద హెక్టారు, నోటి వెంట ఎకరం అంటే వినేవాళ్లు గందరగోళపడతారు. కాబట్టి స్క్రిప్టు పూర్తయ్యాక వెనక్కి వెళ్లి స్లైడును కూడా దిద్దాలి.

ఈ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది వాక్యం పొడవు. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఇరవై మాటల వాక్యం రాసుకుని మధ్యలో జనం వైపు తలెత్తితే, మళ్లీ తెర మీదికి చూసేసరికి క్రియ ఎక్కడుందో దొరకదు. అప్పుడు "కట్టండి" అనాల్సిన చోట "కట్టడం జరుగుతుంది" అని ఏదో ఒకటి వచ్చేస్తుంది. వాక్యానికి ఒకే సమాపక క్రియ, పది పన్నెండు మాటలు దాటకుండా ఉంటే ఒక్క చూపులో అందుతుంది. నోట్స్‌లో ప్రతి వాక్యాన్నీ కొత్త వరసలో మొదలుపెడితే ఇంకా తేలిక.

[క్లిక్] గుర్తు ఎక్కడ పెడుతున్నామన్నదీ ముఖ్యమే. చాలామంది స్లైడ్ మార్చాక తర్వాతి మాట వెతుక్కుంటారు. ప్రశ్నకు ముందు మాట ఈ స్లైడ్ చివర, ప్రశ్న క్లిక్ తర్వాత ఉంటే తెర మారేసరికి నోరు ఆగదు. ఆ ప్రశ్నను తర్వాతి స్లైడ్ నోట్స్ మొదట్లో మళ్లీ రాయడం మరవొద్దు. ప్రెజెంటర్ వ్యూలో క్లిక్ చేయగానే పాత నోట్స్ మాయమవుతాయి.

సమయం లెక్కకు ఇంగ్లీషులో నిమిషానికి 130 మాటలు అనే కొలత తెలుగుకు పనికిరాదు. "దూరకముందే" అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలు కావాలి. గడియారం పెట్టుకుని ఒక నిమిషం గట్టిగా చదివి, ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టుకుంటే మీ కొలత మీకు తెలుస్తుంది. సాధనకు విండోస్‌లో Alt+F5 నొక్కితే ప్రొజెక్టర్ లేకపోయినా ప్రెజెంటర్ వ్యూ తెరుచుకుంటుంది. నోట్స్ కింద ఉన్న A బటన్లతో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. ఒక్కో స్లైడుకు ఎంతసేపు పట్టిందో కొలిచే రిహార్స్ టైమింగ్స్ కూడా ఉపయోగమే, కానీ చివర్లో సమయాలు సేవ్ చేయమంటారా అని అడిగినప్పుడు వద్దనండి. సేవ్ చేస్తే అసలు రోజున స్లైడ్లు వాటంతటవే కదిలిపోతాయి. పొరపాటున సేవ్ చేసి ఉంటే స్లైడ్ షో ట్యాబ్‌లో యూజ్ టైమింగ్స్ దగ్గరి టిక్కు తీసేస్తే సరి.

కాగితం మీద కావాలంటే నోట్స్ పేజీలుగా ప్రింట్ తీస్తే, పొడవైన స్క్రిప్టు పేజీ అడుగున తెగిపోవచ్చు. ఎక్స్‌పోర్ట్‌లోని క్రియేట్ హ్యాండవుట్స్‌తో వర్డ్‌లోకి పంపి అక్కడి నుంచి తీయడం నయం. మధ్యమధ్యలో రైతులు ప్రశ్నలడిగే సభల్లో మాత్రం మొత్తం స్క్రిప్టు అడ్డమవుతుంది, ప్రశ్నకు జవాబు చెప్పి తిరిగి వచ్చేసరికి చోటు తప్పుతుంది. అలాంటి చోట ప్రతి స్లైడుకూ మొదటి వాక్యం, క్లిక్ ముందు వాక్యం పూర్తిగా రాసుకుని, మధ్యలో ఒక్కో వాక్యపు మొదటి మాట మాత్రం ఉంచుకుంటున్నాను.