నో యువర్ మీమ్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా చుట్టాల్లో ఎవరికైనా మీమ్ అర్థం కాకపోతే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపుతారు. దాన్ని ఎవరు పెట్టారో, పైన ఏ మెసేజ్ ఉందో చెప్పరు. "ఇందులో నవ్వడానికేముంది?" అని మాత్రం అడుగుతారు. అలాంటప్పుడు నేను మొదట తెరిచేది మీమ్‌లు ఎక్కడ పుట్టాయో చెప్పే నో యువర్ మీమ్ సైటే. 2008లో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, కానీ ఇంగ్లిషు చదవగలగాలి.

దాని విలువ నాకు బాగా తెలిసింది 'లాస్' మీమ్ దగ్గర. మా పిన్ని కొడుకు పంపిన స్క్రీన్‌షాట్‌లో నాలుగు గళ్లు, కొన్ని గీతలు, అంతే. మొదటి గడిలో ఒక నిలువు గీత. రెండో గడిలో ఒక పొడుగు గీత, పక్కనే పొట్టిది. మూడో గడిలో సమానంగా రెండు. నాలుగో గడిలో ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. ఫొటో పెట్టి వెతికితే పనికొచ్చేది ఏదీ రాలేదు. ఆ వెతుకులాట చూపుకు ఒకేలా ఉన్న బొమ్మల్ని తెస్తుంది, ఇక్కడేమో అసలు బొమ్మకీ ఈ గీతలకీ పోలిక అమరికలోనే ఉంది. అదృష్టం కొద్దీ స్క్రీన్‌షాట్ అంచున Is this loss? అన్న కామెంట్ సగం కనిపించింది. సైటులో loss అని కొట్టగానే కథంతా దొరికింది.

టిమ్ బక్లీ అనే ఆయన వీడియోగేమ్‌ల మీద జోకులతో కంట్రోల్ ఆల్ట్ డిలీట్ అనే వెబ్ కామిక్ వేసేవాడు. 2008 జూన్ 2న అందులో 'లాస్' అనే పేరుతో మాటల్లేని నాలుగు గళ్ల బొమ్మ వచ్చింది. హీరో ఆసుపత్రిలోకి పరుగెత్తుతాడు, రిసెప్షన్‌లో అడుగుతాడు, డాక్టరుతో మాట్లాడతాడు, చివరికి మంచం మీద పడుకుని ఏడుస్తున్న ప్రియురాలి దగ్గర నిలబడతాడు. ఆమెకు గర్భం పోయింది. నవ్వించే కామిక్‌లో హఠాత్తుగా ఈ విషాదం అతకలేదని పాఠకులు వెక్కిరించారు. ఆ వెక్కిరింపుల్లో బొమ్మలోని మనుషులు అరిగి అరిగి గీతలయ్యారు. ఎక్కడో దాచిన ఆ అమరికను గుర్తుపట్టడమే ఇప్పుడు జోకు. ఇది తెలిశాక ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దని ఆ తమ్ముడికి గట్టిగా చెప్పాను. అలాంటి బాధ పడినవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు.

పేజీ తెరిచాక మీమ్ ఎక్కడ పుట్టిందో చెప్పే Origin భాగం ముందు చదువుతాను, తర్వాత ఎలా పాకిందో చెప్పే Spread. పేజీ మీద Confirmed అని ఉంటే సైటువాళ్లు పరిశీలించినట్టు. Submission అని ఉంటే ఎవరో రాసి పంపింది ఇంకా ఖాయం కాలేదన్నమాట, దాన్ని పూర్తిగా నమ్మను.

అయితే సైటు చెప్పేది బొమ్మ కథ వరకే. ప్రియురాలి చెయ్యి పట్టుకుని వేరే అమ్మాయి వైపు తిరిగి చూసే కుర్రాడి ఫొటో ఆంటోనియో గిలెమ్ తీసిన, ఎవరైనా కొని వాడుకునే స్టాక్ ఫొటో అని, 2017లో మీమ్‌గా పాకిందని అక్కడ తెలుస్తుంది. వాళ్ల మీద మీ ఆఫీసువాళ్ల పేర్లు రాసి ఉంటే మాత్రం అర్థం చెప్పగలిగేది మీ ఆఫీసువాళ్లే. బ్రహ్మానందం ముఖం మీద నడిచే మన మీమ్‌ల సంగతీ అంతే. ఆ సీన్ చూసిన తెలుగువాళ్లను అడగడమే మేలు.

అందుకే ఇప్పుడు స్క్రీన్‌షాట్ వస్తే, కొంచెం పైకి జరిపి ముందున్న మెసేజ్, తేదీ కనిపించేలా మళ్లీ తీసి పంపమంటాను. అవి లేకపోతే బొమ్మ ఎక్కడిదో చెప్పి ఆగిపోతాను, జోకు ఇదీ అని ఊహించి చెప్పను.