పాత ల్యాప్‌టాప్ డేటా కొత్తదాంట్లోకి: కేబులా, హార్డ్‌డిస్కా, వైఫైనా?

"అన్నా, కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్న, పాతదాంట్ల ఉన్నదంతా ఎట్ల మార్చాలె?" నల్లగొండలో మా షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఇదే. విండోస్ ల్యాప్‌టాప్‌లయితే నేను ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ వైపే మొగ్గుతాను.

వేగం చూస్తే కేబుల్‌దే పైచేయి. రెండింటికీ గిగాబిట్ లాన్ పోర్టు ఉంటే మామూలు లాన్ కేబుల్ చాలు, సెకనుకు 100 ఎంబీ పైనే వెళ్తుంది, పైగా ఒక్కసారే కాపీ. కాని ఇప్పటి పలుచటి ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టే ఉండదు, అడాప్టర్ కొనాలి. ఫోల్డర్ షేర్ చేశాక పాస్‌వర్డ్ అడుగుతుంది, రోజూ కొట్టే పిన్ అక్కడ పనిచేయదు. చాలామంది ఆగిపోయేది అక్కడే. రెండువైపులా మామూలు యూఎస్‌బీ పిన్ను ఉండే కేబుల్‌తో రెండు ల్యాప్‌టాప్‌లను మాత్రం కలపొద్దు, పోర్టులు కాలే ప్రమాదం ఉంది.

వైఫై కొద్దిపాటి ఫైళ్లకు సరే. పాత రూటర్ మీద సెకనుకు 5 ఎంబీ వస్తే 300 జీబీకి 16 గంటలు దాటుతుంది.

హార్డ్‌డిస్క్‌తో రెండుసార్లు కాపీ చేయాలి, నిజమే. అయినా నాకు ముఖ్యం వేగం కాదు, పని అయ్యాక మూడో కాపీ చేతిలో మిగలడం. ఈ మధ్య మిర్యాలగూడ నుంచి ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ 300 జీబీ ఫొటోలు, వీడియోలతో వచ్చాడు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయింది, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. అందుకే మౌస్‌తో లాగకుండా కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ కమాండ్ ఇచ్చాను, D: ఆయన ఫొటోలున్న డ్రైవ్, E: ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్:

```
robocopy D:\Photos E:\Photos /E /FFT /R:1 /W:1 /LOG:E:\log.txt
```

మధ్యలో కరెంటు పోనే పోయింది. వచ్చాక అదే కమాండ్ మళ్లీ కొడితే, అప్పటికే వెళ్లిన ఫైళ్లను వదిలేసి మిగతావి అందుకుంది. డ్రైవ్ FAT32లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు కాబట్టి, ఖాళీ డ్రైవ్‌ను ముందే exFATలో ఫార్మాట్ చేసుకున్నాం.

అయిపోయాక log.txt చివర చూడండి. Files వరుసలో FAILED కింద 0 ఉండాలి. ఆయనకు 2 కనిపించింది. పైకి వెతికితే ERROR అని రెండు ఫొటోల పేర్లు దొరికాయి, పాత డిస్క్ ఆ చోట చదవలేకపోతోంది. మౌస్‌తో లాగి, వచ్చిన మెసేజ్‌కు Skip కొట్టి ఉంటే ఏ ఫొటోలు పోయాయో తెలిసేదే కాదు. ఆ రెండూ కెమెరా కార్డులో ఇంకా ఉన్నాయి, అక్కడి నుంచి తెచ్చుకున్నాడు.

కొత్తదాంట్లోకి ఎక్కించేటప్పుడూ ఇదే కమాండ్, డ్రైవ్ అక్షరాలు మాత్రం మార్చుకోవాలి. అక్కడా 0 చూశాకే పాతదాన్ని ఫార్మాట్ చేయండి.