దగ్గర రింగులా, పార్కింగ్‌లో గోడలా: ఏది మేలు?

2024 డిసెంబర్ 4న పొద్దున మేడారం దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు హన్మకొండలో మా బావ ఇంటికి పిల్లర్ల కడ్డీలు లేస్తున్నాయి. కింద మొత్తం పార్కింగ్, పైన మూడంతస్తులు. కింద గోడలు కూడా పెట్టమన్న నాకు సాయంత్రమే బావ ఫోన్: "రింగులు దగ్గర దగ్గర వేయిస్తే సాలదా? కింద గోడలు పెడితే కార్లు ఎట్ల తిరుగుతయి?"

ముందు పిల్లర్ నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగుల సంగతి. భూకంపానికి పిల్లర్ పైకొసా కింది కొసా ఎక్కువ వంగుతాయి. అక్కడ కాంక్రీటు పక్కలకు ఉబ్బి పగలాలని చూస్తుంది, నిలువు కడ్డీలు బయటికి వంకర పోతాయి. బండి చక్రానికి ఇనుప పట్టాలాగా రింగు ఆ రెండింటినీ బిగించి పట్టుకుంటుంది. అప్పుడు పిల్లర్ పగుళ్లిచ్చినా, వంగినా, ఒక్కసారిగా కూలదు.

బావ పిల్లర్ 300 x 450 మి.మీ., కడ్డీలు 16 మి.మీ., ఎత్తు 3 మీటర్లు. భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 13920 లెక్కన పైనా కిందా 500 మి.మీ. మేర రింగుల ఎడం 75 మి.మీ. దాటొద్దు. మేస్త్రి మాత్రం అంతటా 6 అంగుళాలకు కడుతున్నాడు. సరిచేస్తే పిల్లర్‌కు ఏడెనిమిది రింగులు పెరుగుతాయి, అంటే సుమారు 4 కిలోల ఇనుము. అసలు పేచీ కొక్కెం దగ్గర. ఆయన రింగు కొసను 90 డిగ్రీలకే మడుస్తున్నాడు. పైపూత కాంక్రీటు రాలగానే అది విచ్చుకుంటుంది. కొసను 135 డిగ్రీలు మడిచి, కనీసం 65 మి.మీ. పిల్లర్ లోపలికి దింపాలి. వంచడానికి కాస్త ఓపిక కావాలి, అందుకే ఎగ్గొడతారు.

ఇంతా చేసినా పార్కింగ్ బలహీనత పోదు. పై అంతస్తులను ఇటుక గోడలు పెట్టెలా బిగించేస్తాయి, అవి పెద్దగా వంగవు. నాలుగంతస్తులూ కలిసి 40 మి.మీ. ఊగాలనుకోండి: అంతటా గోడలుంటే తలా 10 వస్తుంది, కింద ఖాళీ అయితే దాదాపు మొత్తం ఆ కింది పిల్లర్ల మీదే పడుతుంది. 2001లో భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద ఇలాంటి పార్కింగే.

అందుకే నా ఓటు గోడలకు. మామూలు ఇటుక గోడలు కాదు, పునాది నుంచి లేచే కాంక్రీటు గోడలు. రెండు దిశల్లోనూ ఉండాలి, ఒక మూలకే పెడితే ఇల్లు మెలి తిరుగుతుంది. పునాది మళ్లీ లెక్కగట్టాలి కాబట్టి ఇది డిజైన్ ఇంజనీర్ చేయాల్సిన పని. అలాగని రింగులు వదిలేయొద్దు, గోడలున్నా పిల్లర్లు వంగక తప్పదు.

చివరికి మెట్ల పక్కన, వెనక ప్రహరీ వైపు గోడలకు బావ ఒప్పుకున్నాడు. ఒక కారు జాగా పోయింది. దానికి ఇంకా నన్నే అంటున్నాడు.