ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు వాపసు లేఖ: ఆరేళ్లు వాడాక

డిస్ట్రిబ్యూటర్‌కు రాసే వాపసు లేఖలో మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, సంఖ్య ఉండాలని మెడికల్ షాపు నడిపేవాళ్లందరికీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది వాటి పక్కన గీసుకున్న ఒక్క గడి గురించి. కొన్న బిల్లు నంబరు, తేదీ రాసే గడి అది. ఆరేళ్లుగా ఆ గడి లేకుండా ఒక్క లేఖ కూడా పంపలేదు. అంతకుముందు అది లేకపోవడం వల్ల పోయిన సరుకు గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అప్పుడు పోయినవి బీపీ మాత్రలు. వాటిని ఎక్కువగా రాసే డాక్టర్ వేరే బ్రాండుకు మారడంతో 34 స్ట్రిప్పులు మిగిలిపోయాయి. గడువు ఇంకా ఐదు నెలలుంది. లేఖ రాసి సరుకు పంపేశాను. నేను మరచిపోయింది ఏమిటంటే, అదే బ్యాచ్ నాకు ఇద్దరు డిస్ట్రిబ్యూటర్ల నుంచి వచ్చింది. మొదటాయన దగ్గర 60, రెండో ఆయన దగ్గర 20 తీసుకున్నాను. కంపెనీ ఒకే బ్యాచ్‌ను చాలామందికి పంపుతుంది కాబట్టి స్ట్రిప్పు చూసి అది ఎవరి సరుకో ఎవరూ చెప్పలేరు. నేను 34నూ రెండో ఆయనకే పంపాను. వాళ్ల గోడౌన్‌లో లెక్క చూసి, "మేం ఇచ్చినవి ఇరవయ్యేనండీ, ముప్పై నాలుగు ఎలా వచ్చాయి?" అని మొత్తం పెట్టె పక్కన పెట్టేశారు. వాళ్ల అనుమానంలో తప్పులేదు. ఆయన కూడా ఆ సరుకును కంపెనీకి తిప్పి పంపి తన క్రెడిట్ తెచ్చుకోవాలి. తను నాకు అమ్మని స్ట్రిప్పులకు కంపెనీ ఆయనకేమీ ఇవ్వదు.

ఆ పెట్టె నా షాపుకు తిరిగి వచ్చేసరికి రెండు నెలలు దాటింది. అప్పుడు మొదటాయనకు ఫోన్ చేస్తే, "మూడు నెలల గడువు ఉండగానే పంపాలి కదండీ, ఇప్పుడు కుదరదు" అన్నారు. 34 స్ట్రిప్పులూ నష్టానికే రాసుకున్నాను.

ఇప్పుడు లేఖ ఇలా రాస్తాను: "కింద చూపిన సరుకు మీ దగ్గర ఈ బిల్లుల మీద కొన్నదే. స్ట్రిప్పులు కోయలేదు, అట్ట పెట్టెలు చెదరలేదు. పరిశీలించి క్రెడిట్ నోట్ ఇవ్వగలరు. తీసుకోవడం కుదరని వాటి ఎదురుగా కారణం రాసి, సరుకుతోపాటు ఒక ప్రతి తిప్పి పంపగలరు." లేఖ రాసేముందు ప్రతి బ్యాచ్‌కూ కొనుగోలు బిల్లులు తీస్తాను. ఇద్దరి దగ్గర కొన్నదైతే రెండు లేఖలు రాస్తాను, ఏ లేఖలోనూ ఆ బిల్లు మీద వచ్చినదానికంటే ఎక్కువ వెయ్యను. పెట్టె ఎత్తుకెళ్లే అబ్బాయి చేత రెండో ప్రతి మీద సంఖ్య వేయించి సంతకం తీసుకుంటాను. ఈ పద్ధతి మొదలుపెట్టాక "మాది కాదు" అనే మాట నాకు వినిపించలేదు.

అయితే ఆ గడి వల్ల నా క్రెడిట్ తగ్గిన సందర్భమూ ఉంది. ఒక యాంటీబయాటిక్ 50 కొంటే 10 ఫ్రీ అన్న స్కీంలో తీసుకున్నాను. 24 స్ట్రిప్పులు మిగిలాయి. లేఖలో 24కూ బిల్లు రేటు వేసి అడిగాను. క్రెడిట్ నోట్ మాత్రం 20 స్ట్రిప్పుల విలువకే వచ్చింది. కోపంతో ఫోన్ చేశాను. అకౌంట్స్ చూసే ఆవిడ ఓపిగ్గా చెప్పింది: "మీరు డబ్బు కట్టింది యాభైకి, చేతికొచ్చింది అరవై. ఒక్కో స్ట్రిప్పు మీకు రేటులో ఆరింట ఐదు వంతులకే పడింది కదా సార్." ఇరవై నాలుగులో ఆరింట ఐదు వంతులంటే ఇరవై. నేను రాసిన బిల్లు నంబరు పట్టుకునే వాళ్లు ఆ స్కీం చూశారు. లెక్క న్యాయమే. అప్పటి నుంచి ఫ్రీ సరుకు కలిసిన వరుసలో నేనే ముందుగా ఆ విలువ తగ్గించి రాస్తున్నాను, అందుకే ఫోన్ చేయాల్సిన పని పడలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. క్రెడిట్ నోట్ అంటే డబ్బు చేతికి రావడం కాదు. నా విషయంలో అది తర్వాతి బిల్లులో తగ్గుతుంది. అంటే వాళ్ల దగ్గరే మళ్లీ కొనాలి. ఫ్రిజ్‌లో ఉంచే ఇన్సులిన్ లాంటివి ఈ లేఖలో ఎంత శుభ్రంగా రాసినా నా డిస్ట్రిబ్యూటర్లు తీసుకోలేదు. షాపులో వాటిని సరైన చల్లదనంలోనే ఉంచామని బిల్లు నంబరు చెప్పలేదు కదా.

నాకు నలుగురు డిస్ట్రిబ్యూటర్లున్నారు, పాత బిల్లులన్నీ నెలలవారీగా కట్టి పెట్టుకునే అలవాటుంది. కాబట్టి నాకు ఈ గడి బాగా పనికొచ్చింది. ఒక్కరి దగ్గరే సరుకు తీసుకునేవాళ్లకు, పాత బిల్లులు వెతకడానికి అరపూట పట్టేవాళ్లకు ఇంత శ్రమ అవసరమో కాదో నేను చెప్పలేను.