నాలుగేళ్లు వాడాక చెప్తున్నా: పాత వాషింగ్ మెషిన్‌లో ముందు బేరింగు చూడండి

హనుమకొండలో మా ఇంట్లో నడుస్తున్న ఫ్రంట్ లోడ్ మెషిన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే. 6 కిలోలది, 9 వేలకు వచ్చింది. నాలుగేళ్లుగా రోజు విడిచి రోజు తిరుగుతోంది. దీనికి ముందు కొన్నది మాత్రం నాలుగు నెలలకే మూలన పడింది. అప్పుడు షాపాయన ఖాళీ డ్రమ్ము తిప్పి చూపించి, "మోటరు మస్తుగుంది అన్నా" అన్నాడు. మోటరు నిజంగానే బాగుంది. పోయింది బేరింగులు.

డ్రమ్ము వెనకాల షాఫ్టును రెండు బేరింగులు మోస్తాయి. నీళ్లు వాటి దాకా రాకుండా ఒక రబ్బరు సీల్ ఉంటుంది. అది అరిగితే సబ్బు నీళ్లు దిగి గ్రీజు పోతుంది, తుప్పు పడుతుంది. మెకానిక్ విప్పి చూపిస్తే లోపల గోళీలు కాఫీరంగు బురదలో ఉన్నాయి. పైగా ఆ మోడల్లో బయటి టబ్బుకు బోల్టులు లేవు, రెండు ముక్కలూ అతికించేసి ఉన్నాయి. కోయాలి, లేదంటే టబ్బే మార్చాలి. ఆ ఖర్చుతో ఇంకో పాత మెషినే వస్తుందని వదిలేశాను.

అందుకే రెండోసారి ప్లగ్ పెట్టకముందే తలుపు తీసి, డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకీ కిందికీ ఊపాను. డ్రమ్ము, టబ్బు కలిసి ఊగితే అది స్ప్రింగుల ఊపు, ఫర్వాలేదు. టబ్బు కదలకుండా లోపలి డ్రమ్ము ఒక్కటే టకటకమని ఆడితే బేరింగు పోయినట్టే. తర్వాత చెవి దగ్గర పెట్టి చేత్తో తిప్పాను. గరగర వినిపించలేదు.

అసలు పరీక్ష స్పిన్‌లో ఉంటుంది. ఖాళీగా తిప్పితే చాలా లోపాలు బయటపడవు. నేను రెండు దుప్పట్లు తీసుకెళ్లి, నీళ్లు పట్టించి, రిన్స్, స్పిన్ పెట్టమన్నాను. షాపాయన ముఖం మాడ్చుకున్నాడు కానీ పెట్టాడు. వేగం పెరిగేకొద్దీ మోత విమానంలా లేస్తే అనుమానించాలి. మోటరు ఆగాక డ్రమ్ము తనంతట తాను నెమ్మదించేటప్పుడు కూడా గరగర వినిపిస్తే అది చాలావరకు బేరింగుదే.

అదే పరుగులో నీళ్లు ఎక్కడ కారుతున్నాయో కింద పాత పేపరు పరిచి చూడండి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతను కింది భాగంలో వేళ్లతో విప్పి చూస్తే చిరుగు కనిపిస్తుంది. పైపులు పాతబడితే బాధ లేదు, మార్చుకోవచ్చు.

తెచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో నిలబెట్టే తెచ్చాం, డ్రమ్ము ఊగకుండా టబ్బు చుట్టూ పాత టవళ్లు కుక్కి. రెండో ఏడు తలుపు రబ్బరు మార్చాను. మా బోరు నీళ్లకు నీళ్లు వచ్చేచోట జల్లెడ తెల్లగా పూడుకుపోతుంది, నెలకోసారి తీసి కడుగుతున్నా. స్పిన్ మోత మొదటిరోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.