జాగ్రత్త: కన్సల్టెన్సీకి రెజ్యూమె పంపే ముందు వాళ్ళకు డబ్బు ఎప్పుడు, ఎవరిస్తారో తెలుసుకోండి

హైదరాబాద్‌లో ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నవాళ్ళకు ఇది. మాదాపూర్‌లోని ఒక కన్సల్టెన్సీ వల్ల ఈ మధ్య నాకు దాదాపు ఖాయమైన అవకాశం పోయింది. పేరు రాయడం లేదు. ఇలా చేసేది వాళ్ళొక్కరే కాదు, ఈ రంగంలో డబ్బు చేతులు మారే తీరే అలాంటిది.

జాబ్ పోర్టల్‌లో నా ప్రొఫైల్ చూసి ఒకావిడ ఫోన్ చేసింది. "మంచి ప్రోడక్ట్ కంపెనీ సార్, పేరు ఇప్పుడే చెప్పకూడదు, లేటెస్ట్ రెజ్యూమె పంపండి" అంది. పంపాను. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. కొన్ని వారాలకు నా పాత కొలీగ్ ఒకతను తన కంపెనీలో నన్ను రిఫర్ చేయబోతే వాళ్ళ సిస్టమ్ తీసుకోలేదు. ఈ ప్రొఫైల్ ఇప్పటికే వెండర్ ద్వారా వచ్చిందట. ఆ వెండర్ ఈవిడ పనిచేసే కన్సల్టెన్సీయే. నాకు సంబంధం లేని వేరే పోస్టుకు, నేను చెప్పని ఎక్స్‌పెక్టెడ్ జీతం వేసి పంపారు. అది రిజెక్ట్ కూడా అయింది. ఆరు నెలల వరకు ఆ ప్రొఫైల్ వెండర్‌దే అని హెచ్ఆర్ చెప్పారు. అంటే ఈలోపు నన్ను ఏ దారిలో తీసుకున్నా కన్సల్టెన్సీకి కమీషన్ కట్టాలి. మేనేజర్‌కు నేను కావాలని ఉన్నా ఆ పోస్టుకు కమీషన్ బడ్జెట్ లేదు. కథ అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలు కన్సల్టెన్సీకి మన దగ్గర ఎక్కువగా వినిపించే రేటు ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత. జీఎస్టీ అదనం. కంపెనీని, పోస్టును బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. ఈ డబ్బు ఇచ్చేది కంపెనీ. అదీ మీరు చేరితేనే. చాలా ఒప్పందాల్లో 60 లేదా 90 రోజుల రీప్లేస్‌మెంట్ షరతు ఉంటుంది. ఆలోపు మీరు మానేస్తే వాళ్ళు ఉచితంగా ఇంకొకరిని వెతికిపెట్టాలి, లేదా తీసుకున్నది వెనక్కివ్వాలి. ఒకే పోస్టుకు నాలుగైదు కన్సల్టెన్సీలు పోటీ పడుతుంటాయి, ఎవరి క్యాండిడేట్ చేరితే వాళ్ళకే డబ్బు. అందుకే ముందు రెజ్యూమె పంపి హక్కు రాయించుకోవాలన్న ఆత్రం. మీకు ఆ ఉద్యోగం నప్పుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి.

"మీ జీతం ఎంత పెరిగితే మాకూ అంత లాభం కదా సార్" అని ఒకమాట వింటుంటాం. కాగితం మీద నిజమే. 12 లక్షల ఆఫర్ అనుకోండి. వాళ్ళకు వచ్చేది సుమారు లక్ష. మీరు బేరమాడి 13 లక్షలు చేయించుకుంటే వాళ్ళకు అదనంగా వచ్చేది 8,330 రూపాయలు. ఆ బేరంలో కంపెనీ విసిగి ఇంకొకరి వైపు వెళ్తే పోయేది మొత్తం లక్ష. మీకు ఏటా లక్ష రూపాయల తేడా, వాళ్ళకు ఎనిమిది వేల కోసం లక్షతో జూదం. కాబట్టి "బడ్జెట్ ఇంతే సార్, ఈరోజే యాక్సెప్ట్ చేయండి" అనే మాట ఎవరి లాభం కోసమో వేరే చెప్పక్కర్లేదు. అదే పోస్టుకు వాళ్ళే పంపిన మరో ఇద్దరు కూడా లైన్లో ఉండొచ్చు.

ఆ 12 లక్షల్ని కూడా విడదీసి రాతపూర్వకంగా అడగండి. 10 శాతం వేరియబుల్ అంటే లక్షా ఇరవై వేలు పక్కన పెట్టాలి. కంపెనీ వాటా పీఎఫ్ కనీస లెక్కలో 21,600, బేసిక్ 50 శాతమైతే గ్రాట్యుటీ సుమారు 29 వేలు పోతాయి. మీ వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ కూడా తీసేస్తే, ఇన్‌కమ్ ట్యాక్స్ కాకుండానే నెలకు చేతికొచ్చేది దాదాపు 84 వేలు. ఫోన్లో "నెలకు లక్ష సార్" అన్నవాళ్ళు ఈ విడదీత మెయిల్లో పంపడానికి తటపటాయిస్తే అర్థం చేసుకోండి.

అన్నిటికన్నా ప్రమాదం నోటీస్ పీరియడ్ దగ్గర. మీరు కొత్త కంపెనీలో చేరేదాకా వాళ్ళ లక్ష గాల్లోనే ఉంటుంది. మీ పాత కంపెనీ జీతం పెంచి ఆపేస్తే గోవిందా. అందుకే ఆఫర్ లెటర్ రాకముందే "రిజైన్ చేసిన మెయిల్ స్క్రీన్‌షాట్ పంపండి, లెటర్ రిలీజ్ చేయిస్తాను" అంటారు. కంపెనీ డొమైన్ నుంచి, చేరే తేదీతో సహా లెటర్ వచ్చేదాకా రిజైన్ చేయొద్దు. కన్సల్టెంట్ జీమెయిల్ నుంచి వచ్చిన పీడీఎఫ్‌ను నమ్మొద్దు.

ఇంకొకటి, దీన్ని చాలామంది గమనించరు. "ఇంకెక్కడ ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి సార్? మేనేజర్ ఎవరు?" అని మాటల్లో మాటగా అడుగుతారు. మీరు చెప్పిన కంపెనీలో ఖాళీ ఉందని తెలిశాక అక్కడికి వేరేవాళ్ళను పంపుతారు. మీ పోటీని మీరే తయారుచేసుకున్నట్టు. "ప్రాసెస్‌లో ఉన్నాయి" అని ఊరుకుంటే చాలు.

మరి ఎవర్ని నమ్మాలి? రెజ్యూమె పంపే ముందే కంపెనీ పేరు, పోస్టు, జాబ్ ఐడీ చెప్పి, మీ అనుమతిని మెయిల్లో అడిగేవాళ్ళను. "ఆ టీమ్‌లో నైట్ షిఫ్ట్ ఉంటుంది, ముందు అది ఆలోచించుకోండి" అని తమ బేరం చెడే మాట కూడా చెప్పేవాళ్ళను. అలాంటివాళ్ళు ఉన్నారు, ఒకరిద్దరు నాకూ తెలుసు. మీరిచ్చే అనుమతి ఇలా ఉంటే చాలు: "నా ప్రొఫైల్‌ను ఫలానా కంపెనీలో ఫలానా జాబ్ ఐడీకి మాత్రమే పంపండి. వేరే ఎక్కడికైనా పంపాలంటే ముందు నన్ను అడగాలి." తర్వాత గొడవొస్తే హెచ్ఆర్‌కు చూపించడానికి ఈ మెయిలే ఆధారం.

పెద్ద హోదాలకు వెతికే హెడ్‌హంటర్ల పద్ధతి వేరు. వాళ్ళకు మొదటి ఏడాది జీతంలో మూడో వంతు వరకు ముడుతుంది, అందులో కొంత పని మొదలుపెట్టేటప్పుడే. మిమ్మల్ని తొందరపెట్టాల్సిన అవసరం తక్కువ కాబట్టి మాట నిలకడగా ఉంటుంది. అయినా వాళ్ళు పనిచేసేది కంపెనీకే. మీరిప్పుడున్న కంపెనీ వాళ్ళ క్లయింట్ అయితే, క్లయింట్ మనుషుల్ని లాగకూడదన్న ఒప్పందం వల్ల మీకు అసలు ఫోనే రాకపోవచ్చు.

ఇక రిజిస్ట్రేషన్ ఫీజనో, ట్రైనింగ్ డిపాజిట్ అనో, బ్యాక్‌డోర్ అనో మీ దగ్గరే డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి. కంపెనీ దగ్గర కమీషన్ వచ్చేవాడికి మీ డబ్బుతో పనిలేదు. గల్ఫ్ ఉద్యోగాలకు మాత్రం రూలు వేరు. అక్కడ రిజిస్టర్డ్ ఏజెంట్ సర్వీస్ ఛార్జీ తీసుకోవచ్చు, కానీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతవరకే. రసీదు ఇవ్వాలి. ఏజెంట్ లైసెన్స్ అమల్లో ఉందో లేదో ప్రభుత్వ eMigrate సైట్‌లో చూసుకోవచ్చు. పాస్‌పోర్ట్ చేతికిచ్చే ముందే చూడండి.