హోల్డింగ్ Y0 నుంచి కాదు, కాంటాక్టర్ నుంచి: ఆరేళ్ళు వాడాక నా మాట

పీఎల్‌సీ లాడర్‌లో మోటార్ నడిపే స్టార్ట్ స్టాప్ రంగ్ అందరికీ తెలిసిందే, స్టార్ట్ నొక్కితే మోటార్ కాంటాక్టర్‌ని లాగే అవుట్‌పుట్ Y0 ఆన్, వేలు తీసినా ఆగకుండా స్టార్ట్ పక్కనే Y0 కాంటాక్ట్‌తో హోల్డింగ్. నేర్చుకునేటప్పుడు నాకూ ఇదే చెప్పారు, మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో మొదటి ప్రోగ్రామ్ కూడా ఇలాగే రాశాను, ఏడాది పాటు చక్కగా నడిచింది కూడా. ఆ ఒక్క Y0 హోల్డింగ్ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు, ఎందుకో చెప్తా.

అక్కడ వడ్లు పైకి ఎత్తే బకెట్ ఎలివేటర్ ఉంది, 5 హెచ్‌పీ మోటార్, దానికి వడ్లు తెచ్చిపోసే కన్వేయర్ ఇంకోటి. ఎలివేటర్ తిరుగుతుంటేనే కన్వేయర్ తిరగాలి, ఇంటర్‌లాక్ అంటే ఇక్కడ అంతే. నేను కన్వేయర్ రంగ్‌లో Y0 కాంటాక్ట్ పెట్టేసి అయిపోయిందనుకున్నా.

సీజన్ టైంలో ఒకరోజు ఎలివేటర్ కింద బూట్‌లో వడ్లు ఇరుక్కుపోయి లోడ్ పెరిగి ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయింది. రిలే తన పని తాను చేసింది, మామూలుగా మూసి ఉండే దాని 95-96 కాంటాక్ట్ కాంటాక్టర్ కాయిల్‌కి సిరీస్‌లో ఉంది కాబట్టి కాంటాక్టర్ పడిపోయింది. కానీ ఈ సంగతి పీఎల్‌సీకి ఎవరు చెప్పాలి? దాని లెక్కలో Y0 ఇంకా ఆన్‌లోనే ఉంది, మానిటర్‌లో చూస్తే రంగ్ మొత్తం వెలుగుతోంది, అక్కడ మోటార్ మాత్రం ఆగి ఉంది. కన్వేయర్ ఆగకుండా పోస్తూనే ఉంది, బూట్ చుట్టూ వడ్లు మోకాలి ఎత్తు పడ్డాయి. అంతకంటే ఘోరం తర్వాత జరిగింది. కన్వేయర్ ఆపి, బూట్ తలుపు తీసి ఒకతను వడ్లు బయటికి లాగుతున్నాడు, అతను చెయ్యి తీసి పక్కకి జరగ్గానే నేను రిలే మీద రీసెట్ నొక్కాను, ఎవరూ స్టార్ట్ ముట్టుకోలేదు, ఎలివేటర్ దానంతటదే లేచింది. రెండు క్షణాలు ముందు నొక్కి ఉంటే అతని చెయ్యి పోయేది. తలుపు తీసే ముందు ఎంసీసీబీ దించి తాళం వెయ్యాలి, అది వేరే తప్పు, దాన్ని మానేసింది నేనే. కానీ రీసెట్‌తో మోటార్ లేవడం మాత్రం పూర్తిగా ప్రోగ్రామ్ తప్పు.

ఆ రాత్రే మార్చాను. కాంటాక్టర్ మీద 13-14 ఆక్సిలరీ కాంటాక్ట్‌ని X3 కి, రిలే 97-98 ని X2 కి తెచ్చాను. 95-96 ని కాయిల్ దగ్గరే ఉంచాను, అది 230 వోల్ట్ వైపు పని చేస్తోంది, దాన్నే మళ్ళీ 24 వోల్ట్ ఇన్‌పుట్‌కి కలపకూడదు. X0 స్టార్ట్, X1 స్టాప్.

```
|-+-[ X0 ]-+-[ X1 ]-[/X2 ]---( Y0 )-|
| +-[ X3 ]-+
```

కన్వేయర్‌ది కూడా ఇలాగే, ఇంటర్‌లాక్‌గా Y0 బదులు X3:

```
|-+-[ X4 ]-+-[ X5 ]-[/X6 ]-[ X3 ]---( Y1 )-|
| +-[ X7 ]-+
```

కొత్తవాళ్ళు X1 దగ్గర తికమకపడతారు. స్టాప్ బటన్ వైరింగ్‌లో ఎన్‌సీ, అంటే మామూలుగా ఆ ఇన్‌పుట్ ఆన్‌లోనే ఉంటుంది, అందుకే లాడర్‌లో ఎన్‌ఓ గుర్తు వెయ్యాలి. దీనివల్ల స్టాప్ వైర్ ఊడిపోయినా మోటార్ ఆగుతుంది. X2 మాత్రం ఎన్‌ఓ కాంటాక్ట్, ట్రిప్ అయితేనే ఆన్ అవుతుంది, అందుకే రంగ్‌లో గీత ఉన్న కాంటాక్ట్. దాని వైర్ తెగినా నాకు పెద్ద భయం లేదు, ఎందుకంటే 95-96 తెరుచుకుంటే కాంటాక్టర్ పడుతుంది, X3 పోతుంది, హోల్డింగ్ తెగుతుంది, Y0 ఆఫ్. రీసెట్ నొక్కినా మళ్ళీ స్టార్ట్ నొక్కేదాకా లేవదు. కరెంట్ పోయి వచ్చినప్పుడు కూడా అంతే. రిలే మీద రీసెట్ మోడ్ మాన్యువల్‌లోనే ఉండాలి, ఆటోలో పెడితే చల్లారగానే దానికదే కాంటాక్ట్ మూసేస్తుంది.

ఇదే అన్నిచోట్లా బెస్ట్ అని మాత్రం అనలేను. మిల్లులో ఊక దుమ్ము ఆక్సిలరీ బ్లాక్‌లోకి దూరుతుంది, రెండేళ్ళ క్రితం కాంటాక్ట్ సరిగా కలవక ఎలివేటర్ ఊరికే ఆగిపోయేది, స్టార్ట్ నొక్కి పట్టుకుంటే తిరిగేది, వదిలితే ఆగేది. ఆ లక్షణం కనిపిస్తే ముందు X3 లైట్ చూడండి. బ్లాక్ మార్చాక పోయింది. సిమ్యులేటర్‌లో కూడా X3 ఇచ్చే కాంటాక్టర్ ఉండదు కాబట్టి హోల్డ్ అవ్వదు, ప్రోగ్రామ్ తప్పనుకోవద్దు, చేత్తో X3 ఆన్ చేసి చూడాలి.

ఇంకోటి, స్క్రీన్ మీద నుంచి ఒక్క స్కాన్ పల్స్‌తో స్టార్ట్ ఇచ్చేచోట ఇది పనికిరాదు, కాంటాక్టర్ లాగడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఈలోపు పల్స్ పోతుంది. అక్కడ నేను Y0 తోనే హోల్డ్ చేసి, రెండు సెకన్ల టైమర్‌లో X3 రాకపోతే Y0 తెంపి ఫాల్ట్ పెడుతున్నా. తిరుగుతుండగా X3 పోయినా ఇదే టైమర్ రెండు సెకన్లలో తెంపుతుంది. నా మిల్లులో ఉన్నవన్నీ చిన్న డీఓఎల్ మోటార్లు, ఎదురుగా బటన్ నొక్కి నడిపేవి, వాటికి మాత్రం X3 హోల్డింగ్ వదలను.